ఇల్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లో, కార్డు బెంగళూరుది: డిజిటల్ పాఠం మీద పన్ను ఏ దేశానిది?

బెంగళూరు మారతహళ్లిలో ఉండే ఒక తెలుగు జంట పిల్లలకు తెలుగు పాఠాలు రికార్డు చేసి అమ్ముతోందనుకుందాం. అక్షరాల నుంచి చిన్న చిన్న కథల దాకా వీడియోలు, వాటికి తోడు వర్క్‌షీట్లు. కొనేది ఎక్కువగా విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లు. ఏడాది చందా 60 యూరోలు. అమ్మకం అంతా సొంత వెబ్‌సైట్‌లోనే. ఒక రాత్రి ఒక ఆర్డర్ వచ్చింది. డేటాబేస్‌లో అది ఇలా పడింది:

```
order_time:      2025-03-14T18:22Z
billing_country: DE
ip_country:      DE
card_country:    IN
phone_prefix:    +91
```

దీని వెనక ఉన్న కథ మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. తల్లి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటుంది, బిల్లింగ్ అడ్రస్ అక్కడిది, ఇంటర్నెట్ కనెక్షనూ అక్కడిదే. కార్డు మాత్రం బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో తీసుకున్నది. పాత బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి కాబట్టి ఇండియా నంబర్ కూడా వదులుకోలేదు. ఆమె వైపు నుంచి చూస్తే ఇందులో వింత ఏమీ లేదు. అమ్మిన జంట వైపు నుంచి చూస్తే మాత్రం ఈ అయిదు వరుసల్లో రెండు దేశాలు కనిపిస్తున్నాయి. పన్ను ఎవరికి కట్టాలి?

దీనికి జవాబు చెప్పేదే ప్లేస్ ఆఫ్ సప్లై, అంటే సేవ ఎక్కడ అందినట్టు లెక్కగట్టాలో చెప్పే నియమం. దుకాణంలో బియ్యం కొంటే ఈ ప్రశ్నే రాదు. వీడియో పాఠానికి ట్రక్కూ లేదు, కస్టమ్స్ గేటూ లేదు. అందుకని మొదట్లో చాలా చోట్ల అమ్మేవాడు ఎక్కడుంటే అక్కడే పన్ను అనుకున్నారు. దాని ఫలితం యూరప్‌లో కళ్లకు కట్టినట్టు కనిపించింది. 2014 చివరి దాకా లక్సెంబర్గ్‌లో వ్యాట్ 15 శాతం, హంగరీలో 27. యూరప్‌లోని అమ్మకందారు లక్సెంబర్గ్‌లో ఆఫీసు పెట్టి హంగరీ వినియోగదారుడికి అమ్మితే 15 శాతంతోనే సరిపోయేది. 2015 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ ఈ దారి మూసేసి, వినియోగదారుడు నివసించే దేశానిదే పన్ను అంది. బయటి దేశాల అమ్మకందారులకైతే ఈ నియమం 2003 నుంచే ఉంది. మన దేశంలో ఇదే మార్పు సర్వీస్ ట్యాక్స్ రోజుల్లో, 2016 డిసెంబర్ 1న వచ్చింది. తర్వాత జీఎస్టీ దాన్ని ఐజీఎస్టీ చట్టం 13(12) సెక్షన్‌లో పెట్టుకుంది. ఇంటర్నెట్ మీదే అందే సేవలను మన చట్టం ఓఐడీఏఆర్ సేవలంటుంది. వాటికి ప్లేస్ ఆఫ్ సప్లై అంటే అందుకున్న మనిషి ఉన్న చోటు.

ఇంతవరకు సూత్రం ఒకటే కాబట్టి గొడవ ఉండకూడదు. అసలు చిక్కంతా తర్వాతి అడుగులో ఉంది. ఆ మనిషి ఎక్కడ ఉన్నట్టు? అమ్మేవాడు ఆమె ముఖం చూడలేదు. పాస్‌పోర్టు అడిగే హక్కు లేదు, అడిగితే ఆమె కొనదు. అందుకని చట్టాలు ఆనవాళ్ల మీద ఆధారపడతాయి.

యూరప్ పద్ధతి ముందు చూద్దాం. బిల్లింగ్ అడ్రస్, ఐపీ అడ్రస్, బ్యాంకు వివరాలు, సిమ్‌లో ఉండే దేశం కోడ్, ల్యాండ్‌లైన్ ఉన్న చోటు, ఇంకా వ్యాపారానికి సంబంధించిన ఏ ఇతర సమాచారమైనా అక్కడ ఆధారమే. వీటిలో ఒకదానితో ఒకటి విభేదించని రెండు ఆధారాలు ఒకే దేశాన్ని చూపిస్తే కొనుగోలుదారు ఆ దేశంలోనే ఉన్నట్టు. మన ఆర్డర్‌లో బిల్లింగ్ అడ్రస్ జర్మనీ, ఐపీ జర్మనీ. రెండూ కుదిరాయి. జర్మనీ వ్యాట్ 19 శాతం. పన్ను కలిపిన ధర 60 యూరోలు కాబట్టి అందులో 9.58 యూరోలు వ్యాట్, మిగిలిన 50.42 జంటకు. ఇదే చందాను హంగరీలో ఉన్నవాళ్లు కొంటే పన్ను 12.76, లక్సెంబర్గ్‌లో అయితే ఇప్పటి 17 శాతం చొప్పున 8.72. ఒకే ధర పెట్టినా దేశాన్ని బట్టి చేతికి వచ్చేది మారుతుంది. అడ్రస్ అడగకుండా అమ్మేవాళ్లకు ఈ తేడా ఎక్కడ పోతోందో కూడా తెలియదు.

యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వినియోగదారులకు అమ్మేవాళ్లకు అక్కడ కనీస పరిమితి లేదు. 10,000 యూరోల సడలింపు యూనియన్ లోపల ఉన్న చిన్న వ్యాపారులకే. మన దగ్గర సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటే దాకా ఈ జంటకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. జర్మనీకి మాత్రం మొదటి 60 యూరోల నుంచే బాధ్యత మొదలవుతుంది. బెంగళూరులో చిన్న చిన్న యాప్‌లు, కోర్సులు అమ్మేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఇక్కడ ఆడిటర్ "మీకు ఇంకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని చెప్పిన మాట నిజమే, కానీ ఆయన చెప్పింది ఒక్క దేశం సంగతి. ఆస్ట్రేలియా లాంటి దేశాలు ఈ విషయంలో నయం. అక్కడ ఏడాదికి 75,000 ఆస్ట్రేలియా డాలర్ల అమ్మకం దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ జోలికి పోనక్కర్లేదు. బ్రిటన్ మాత్రం యూరప్ లాగే బయటి వాళ్లకు పరిమితి ఇవ్వదు, పైగా అక్కడ విడిగా రిజిస్టర్ కావాలి.

ఇరవై ఏడు దేశాల్లో ఇరవై ఏడు రిజిస్ట్రేషన్లు అవసరం లేకపోవడం ఒక్కటే యూరప్‌లో ఊరట. వన్ స్టాప్ షాప్ అనే పద్ధతిలో ఏదో ఒక సభ్య దేశంలో రిజిస్టర్ అయి, మూడు నెలలకోసారి ఒకే రిటర్న్ వేయవచ్చు. దేశాల వారీగా అమ్మకం, పన్ను యూరోల్లో చూపించాలి. త్రైమాసికం ముగిసిన తర్వాతి నెలాఖరు గడువు. ఒక్క అమ్మకం లేకపోయినా నిల్ రిటర్న్ వేయాల్సిందే.

ఇప్పుడు అదే ఆర్డర్‌ను మన చట్టం కళ్లతో చూద్దాం. 13(12) సెక్షన్ కింద ఉన్న వివరణలో ఏడు ఆనవాళ్లు ఉన్నాయి. కొన్న వ్యక్తి ఇంటర్నెట్‌లో ఇచ్చిన చిరునామా, కార్డు ఏ దేశంలో జారీ అయింది, బిల్లింగ్ అడ్రస్, ఐపీ, డబ్బు కట్టిన బ్యాంకు ఖాతా ఎక్కడుంది, సిమ్ దేశం కోడ్, ల్యాండ్‌లైన్ ఉన్న చోటు. వీటిలో పరస్పరం విభేదించని ఏ రెండు ఇండియాను చూపించినా ఆ వ్యక్తి ఇండియాలో ఉన్నట్టు భావించాలి. మన ఆర్డర్‌లో కార్డు ఇండియాది. ఆ కార్డు వెనక ఉన్న ఖాతా కూడా ఇండియాదే. సిమ్‌ను కూడా లెక్కేస్తే మూడు.

అంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూర్చున్న తల్లి జర్మనీ లెక్కలో జర్మనీలో ఉంది, మన లెక్కలో ఇండియాలో ఉన్నట్టు వాదించడానికి చోటుంది. చిరునామా, బిల్లింగ్, ఐపీ మూడూ జర్మనీవే కాబట్టి ఈ ఆనవాళ్లు ఒకదానితో ఒకటి విభేదిస్తున్నాయని, ఆ వివరణ ఇక్కడ వర్తించదని ఎదురు వాదన కూడా బలంగానే ఉంది. రెండు జట్లు తయారైనప్పుడు దేన్ని పట్టించుకోవాలో మాత్రం ఆ వివరణ చెప్పలేదు. చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్నది విదేశీ కంపెనీ ఇక్కడి వినియోగదారుడికి అమ్మే సందర్భం. అక్కడ ఈ ఏడు ఆనవాళ్లు చక్కగా పనిచేస్తాయి. బెంగళూరు నుంచి బయటికి అమ్మేటప్పుడు, అందులోనూ రెండు దేశాల్లో ఖాతాలున్న మన ప్రవాసులకు అమ్మేటప్పుడు, అదే జాబితా అమ్మినవాడి మెడకు చుట్టుకుంటుంది. రెండు దేశాలూ 60 యూరోల మొత్తం మీదే లెక్కగడితే జర్మనీకి 9.58, ఇక్కడ 18 శాతం చొప్పున 9.15, కలిపి 18.73 యూరోలు పోతాయి.

దీన్ని వాదించి గెలిచామనే అనుకుందాం. ప్లేస్ ఆఫ్ సప్లై జర్మనీయే అని అధికారి ఒప్పుకున్నాడు. అయినా పని అయిపోలేదు. ఈ విషయంలో అంతకంటే పెద్ద గుంత ఇంకొకటి ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి విదేశీ అమ్మకం మీద ఇక్కడ పన్ను లేకుండా ఉండాలంటే అది చట్టం దృష్టిలో ఎగుమతి కావాలి. ప్లేస్ ఆఫ్ సప్లై దేశం బయట ఉండటం అందులో ఒక షరతు మాత్రమే. డబ్బు విదేశీ మారకంలో రావాలన్నది ఇంకొక షరతు. రూపాయల్లో వస్తే రిజర్వ్ బ్యాంకు అనుమతించిన సందర్భం అయి ఉండాలి. ఇండియా బ్యాంకు కార్డుతో ఇండియా వ్యాపారికి డబ్బు కడితే ధర యూరోల్లో చూపించినా ఆ డబ్బు దేశం దాటి రాదు, ఇక్కడి ఖాతా నుంచి ఇక్కడి ఖాతాకే చేరుతుంది. ఎగుమతి షరతు అక్కడే తెగిపోతుంది. అమ్మినవాడు ఇండియాలో, ప్లేస్ ఆఫ్ సప్లై బయట అయితే చట్టం దాన్ని అంతర్రాష్ట్ర సరఫరాగా చూస్తుంది. ఎగుమతి కాని అంతర్రాష్ట్ర సరఫరా మీద ఐజీఎస్టీ 18 శాతం పడుతుంది. పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రమైన ఎల్‌యూటీ దాఖలు చేశామని, పన్ను లేకుండా ఇన్వాయిస్ ఇచ్చామని ధీమాగా ఉన్నవాళ్లకు ఇది నోటీసు వచ్చాక తెలిస్తే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

ఇలాంటి ఆర్డర్లు ఎన్ని ఉన్నాయో ముందే కనిపెట్టడం కష్టం కాదు. విదేశీ కస్టమర్ల మొత్తం అమ్మకాన్ని ఒక పక్క, బ్యాంకు నుంచి వచ్చిన విదేశీ చెల్లింపు పత్రాల మొత్తాన్ని ఇంకో పక్క పెట్టి చూడాలి. పేమెంట్ గేట్‌వే కమీషన్ తీసేసినా తేడా మిగిలితే, ఆ తేడా చాలావరకు ఇండియా కార్డులతో కట్టినవాళ్లదే. నెలకోసారి ఈ సరిచూసుకోవడం చేస్తే చాలు. పేమెంట్ పేజీలోనే చిరునామా విదేశం, కార్డు ఇండియా అని తేలిన వెంటనే "మీరు ఉంటున్న దేశంలో జారీ అయిన కార్డు వాడండి" అని అడిగితే ఇంకా మంచిది. అమ్మకం పోతుందేమో అని చాలామంది వెనకాడతారు. ఒక్కో ఆర్డర్ మీద మూడో వంతు పోగొట్టుకునే దానికంటే ఒక ప్రశ్న అడగడం మేలు.

ఇదే ఆర్డర్‌లో చిన్న మార్పు చేస్తే లెక్కంతా తిరగబడుతుంది. తల్లి కాకుండా విజయవాడలో ఉన్న తాతయ్య మనవరాలి పుట్టినరోజుకు ఈ చందా కొన్నాడనుకుందాం. కార్డు ఆయనది, అడ్రస్ విజయవాడది, డబ్బు కట్టినప్పటి ఐపీ కూడా విజయవాడదే. పాఠం చూసేది మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్ పాప. మన చట్టంలో డబ్బు చెల్లించాల్సిన వ్యక్తే సేవ అందుకున్న వ్యక్తి. కాబట్టి ఇది ఎగుమతే కాదు, బెంగళూరు నుంచి ఆంధ్రప్రదేశ్‌కు జరిగిన అమ్మకం. ఐజీఎస్టీ వేయాలి, ఇన్వాయిస్ మీద ఆంధ్రప్రదేశ్ అని రాయాలి. ఆన్‌లైన్ సేవలకు రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారుడి రాష్ట్రం పేరు ఇన్వాయిస్‌లో ఉండి తీరాలని, మొత్తం ఎంత చిన్నదైనా మినహాయింపు లేదని 2024 డిసెంబర్ 31 నాటి సర్క్యులర్ స్పష్టం చేసింది. రాష్ట్రం అడగడం బద్ధకించి అన్నిటికీ కర్ణాటక అని పెట్టేసేవాళ్లు పన్ను కట్టినా తప్పు ఖాతాలో కట్టినట్టే.

ఈ తాతయ్య ఆర్డర్ ఇంకొక జాగ్రత్త నేర్పుతుంది. ఐపీని పాప లాగిన్ అయినప్పుడు తీసుకుంటే జర్మనీ అని వస్తుంది, డబ్బు కట్టినప్పుడు తీసుకుంటే ఇండియా అని వస్తుంది. ఆధారంగా దాచుకోవాల్సింది కొనుగోలు క్షణంలోది. సాధారణంగా ఏం జరుగుతుందంటే, యూజర్ టేబుల్‌లో ఐపీ అనే ఒకే ఒక్క గడి ఉంటుంది, ప్రతి లాగిన్‌కూ అది మారిపోతూ ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఎవరైనా ఆధారం అడిగితే అందులో ఉండేది నిన్నటి లాగిన్. ఆర్డర్ రికార్డులోనే ఆ క్షణపు ఐపీని, దాని నుంచి తేల్చిన దేశాన్ని విడిగా భద్రపరిస్తే ఈ సమస్య రాదు. ఐపీ నుంచి దేశం తేల్చే పట్టికలు కూడా కాలంతో మారుతుంటాయి కాబట్టి రెండూ ఉండాలి.

ఐపీ విషయంలో ఇంకో పొరపాటు మరీ ఎక్కువ. సర్వర్ ముందు లోడ్ బ్యాలెన్సరో, సీడీఎన్నో ఉంటే ప్రోగ్రామ్‌కు కనిపించేది కస్టమర్ అడ్రస్ కాదు, ఆ మధ్యవర్తి అడ్రస్. అసలు అడ్రస్ `X-Forwarded-For` అనే హెడర్‌లో వస్తుంది. దాన్ని చదవని ప్రోగ్రామ్ అందరికీ ఒకే నాలుగైదు అడ్రస్‌లు రాసుకుంటుంది. గుర్తుపట్టడం సులువే. గత నెల ఆర్డర్లలో వేర్వేరు ఐపీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. అయిదు వందల మంది కస్టమర్లకు ఆరు ఐపీలు ఉన్నా, అన్నీ `10.` తో మొదలవుతున్నా, ఆ ఆధారం దేనికీ పనికిరాదు. ఫోన్ నంబర్‌ను సిమ్ ఆధారం అనుకోవడం కూడా ఇలాంటిదే. వెబ్‌సైట్‌కు సిమ్ కనిపించదు, కస్టమర్ టైప్ చేసిన అంకెలే కనిపిస్తాయి. వాటిని పక్క సమాచారంగా ఉంచుకోవచ్చు గానీ, ఒంటరిగా వాటి మీద నిర్ణయం నిలబెట్టకూడదు.

పాఠం రికార్డు చేసింది కాకుండా టీచరమ్మ వీడియో కాల్‌లో ప్రత్యక్షంగా చెబితే? కొంతకాలం కిందటి దాకా ఇది పెద్ద తేడా. యూరప్‌లో ఎలక్ట్రానిక్ సేవ అంటే దాదాపుగా యంత్రమే నడిపేది, మనిషి జోక్యం నామమాత్రంగా ఉండేది. మనిషి చెప్పే పాఠం అందులోకి రాదు. అందుకే చాలామంది లైవ్ క్లాసులకు యూరప్ వ్యాట్ లేదని నిశ్చింతగా ఉన్నారు. 2025 జనవరి 1 నుంచి ఆన్‌లైన్‌లో ప్రసారమయ్యే విద్యా, సాంస్కృతిక కార్యక్రమాలకు కూడా వినియోగదారుడి దేశమే ప్లేస్ ఆఫ్ సప్లై అయింది. మన దగ్గర కూడా ఓఐడీఏఆర్ నిర్వచనంలో ఉన్న "మనిషి జోక్యం తక్కువగా" అనే షరతును 2023 అక్టోబర్ 1 నుంచి తీసేశారు. నిర్వచనం వెడల్పయింది. అంతకు ముందు రాసుకున్న సలహాల మీద ఇంకా నడుస్తున్నవాళ్లు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి. ఒక సేవ ఓఐడీఏఆర్ కిందికి రాదని తేలినా చిరునామా అడగడం మానకూడదు. ఇతర సేవలకు వర్తించే సాధారణ నియమం ప్రకారం, వ్యాపారంలో మామూలుగా అందుకున్నవాడి చిరునామా దొరక్కపోతే అమ్మినవాడి చోటే ప్లేస్ ఆఫ్ సప్లై అవుతుంది. అంటే బెంగళూరు. అంటే 18 శాతం. ఒక్క గడి ఖాళీగా వదిలినందుకు కట్టే మూల్యం అది.

ఇవన్నీ తలనొప్పి అనుకుంటే యాప్ స్టోర్ ద్వారా అమ్మవచ్చు. ధర వసూలు చేసేది, షరతులు పెట్టేది, డౌన్‌లోడ్‌కు అనుమతి ఇచ్చేది స్టోరే అయితే యూరప్ నియమాల ప్రకారం వినియోగదారుడికి అమ్మినది స్టోర్ అన్నట్టే లెక్క. వ్యాట్ బాధ్యత దానిదే. జంట అమ్మింది స్టోర్‌కు, ఒక వ్యాపారానికి, కాబట్టి వినియోగదారుడు ఎక్కడున్నాడో వెతికే పని లేదు. స్టోర్ తీసుకునే కమీషన్ ఎక్కువే, కానీ అందులో ఈ సేవ కూడా ఉందని లెక్కగట్టి పోల్చుకోవాలి. సొంత వెబ్‌సైట్‌లో ఒకటి, స్టోర్‌లో ఒకటి రెండూ నడిపేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి: వెబ్‌సైట్ అమ్మకాలకు స్టోర్ బాధ్యత వహించదు.

ఎదురు దిశలో, అంటే విదేశీ కంపెనీ మన వినియోగదారుడికి అమ్మినప్పుడు, దారి బెంగళూరుకే వస్తుంది. దేశం మొత్తంలో ఎవరికి అమ్మినా ఆ విదేశీ కంపెనీలకు రిజిస్ట్రేషన్ ఇచ్చే అధికారం బెంగళూరు వెస్ట్ సెంట్రల్ ట్యాక్స్ ప్రిన్సిపల్ కమిషనర్‌కు, అక్కడి అధికారులకు 2017లో అప్పగించారు. గుంటూరులో ఒక విద్యార్థి విదేశీ ఫొటో యాప్‌కు చందా కడితే, దాని మీది 18 శాతం నెల నెలా జీఎస్టీఆర్-5ఏ రిటర్న్‌లో ఆ రిజిస్ట్రేషన్ మీదే చేరుతుంది. విదేశీ కంపెనీకి 20 లక్షల సడలింపు ఇక్కడా లేదు. యూరప్ మన చిన్న వ్యాపారికి చేసేదే మనమూ వాళ్ల చిన్న వ్యాపారికి చేస్తున్నాం.

తిరిగి మారతహళ్లి జంట దగ్గరికి వస్తే, వాళ్ల డేటాబేస్‌లో ఆ అయిదు వరుసలకు ఇంకో రెండు చేరాలి: తేల్చిన దేశం ఏది, ఏ రెండు ఆధారాల మీద తేల్చారు. వన్ స్టాప్ షాప్ కింద ఈ రికార్డులు అమ్మకం జరిగిన సంవత్సరం ముగిసినప్పటి నుంచి పదేళ్లు దాచాలి. 2025 మార్చి ఆర్డర్ 2035 చివరి దాకా ఉండాలి. ఈలోపు ఫ్రాంక్‌ఫర్ట్ తల్లి చందా ఆపేసి, నా వివరాలన్నీ తుడిచేయండి అని అడగవచ్చు, యూరప్ డేటా చట్టం ఆమెకు ఆ హక్కు ఇచ్చింది. పాప పేరు, చూసిన పాఠాల చరిత్ర, ఈమెయిల్ జాబితా తుడిచేయాలి. చట్టం దాచమన్న పన్ను ఆధారాలకు మాత్రం ఆ హక్కు వర్తించదు. అందుకని ఆ వరుసలు యూజర్ టేబుల్‌లో కాకుండా మొదటి రోజు నుంచే వేరే టేబుల్‌లో ఉంటే, ఒకటి తుడిచినప్పుడు రెండోది చెదరదు.